పాత బాకీ సగటును ఎందుకు చెడగొట్టదు?

*మేడమ్, నేను బీఎస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం. రియల్ అనాలిసిస్‌లో కోషీ మొదటి సిద్ధాంతాన్ని బట్టీ పట్టి రాస్తున్నాను గానీ అర్థం కాలేదు. అనుక్రమం ఒక అవధికి వెళ్తే, దాని సగటు కూడా అదే అవధికి వెళ్తుందట. మొదట్లో వచ్చిన పెద్ద పెద్ద విలువలు మొత్తంలో ఎప్పటికీ ఉంటాయి కదా, అవి ఎక్కడికి పోతాయి? ప్రూఫ్ మధ్యలో m అని ఒకటి తీసుకుని రెండు ముక్కలు ఎందుకు చేస్తారు? నేనైతే ప్రతి పదంలోంచి అవధి తీసేసి, ఒక్కో తేడాని n తో భాగిస్తే సున్నాకు వెళ్తుంది, కాబట్టి మొత్తం కూడా సున్నాకు వెళ్తుంది అని రెండు లైన్లలో రాశాను. మా సార్ తప్పన్నారు, ఎక్కడ తప్పో చెప్పలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి, టెన్షన్‌గా ఉంది.*
*— ఒక విద్యార్థిని, గుంటూరు జిల్లా*

అమ్మా, ముందు నీ రెండు లైన్ల ప్రూఫ్ సంగతి చూద్దాం. అందులో ఉన్నది తప్పే, కానీ పారేయాల్సిన తప్పు కాదు. సరైన ప్రూఫ్‌లో సగం అందులోనే ఉంది. పేపర్లు దిద్దేటప్పుడు ఈ జవాబు నాకు చాలాసార్లు కనబడుతుంది. మార్కులు వేయలేను గానీ, రాసిన పిల్లలు ఆలోచించి రాశారని మాత్రం తెలుస్తుంది. బట్టీ పట్టినవాళ్లకు ఈ తప్పు చేసే అవకాశమే రాదు.

నువ్వు వాడిన పద్ధతిని ఒక తేలిక అనుక్రమం మీద పెట్టి చూడు. అన్నీ ఒకట్లే అనుకో: 1, 1, 1, 1, ... దీని సగటు ఎప్పుడూ 1. ఇప్పుడు నీ వాదన ప్రకారం ఒక్కో పదాన్ని n తో భాగిస్తే 1/n, అది సున్నాకు వెళ్తుంది. కాబట్టి సగటు సున్నాకు వెళ్లాలి. వెళ్లడం లేదు. n = 10 అయినప్పుడు 0.1 లు పది ఉన్నాయి, n = 1000 అయినప్పుడు 0.001 లు వెయ్యి ఉన్నాయి. ఒక్కో ముక్క చిన్నదవుతున్న మాట నిజమే, కానీ అది ఎంత చిన్నదవుతోందో ముక్కల సంఖ్య అంతా పెరుగుతోంది. మొత్తం కదలకుండా ఒకటి దగ్గరే నిలబడింది.

"అవధుల మొత్తం, మొత్తం అవధికి సమానం" అని నువ్వు చదువుకున్న నియమం రెండు పదాలకు చెల్లుతుంది, పదింటికి చెల్లుతుంది, లక్షకు కూడా చెల్లుతుంది. సంఖ్య ఎంతైనా ఫర్వాలేదు, కానీ అది కదలకుండా ఉండాలి. n పెరుగుతుంటే పదాల సంఖ్య కూడా పెరిగేచోట ఆ నియమం వాడకూడదు. మీ సార్ తప్పన్నది ఇక్కడే.

అయితే మొదటి వంద పదాలకు మాత్రమే నీ వాదన వాడితే? అప్పుడు అందులో వంక పెట్టడానికేమీ లేదు. వంద పదాలు, ఒక్కోటీ n తో భాగిస్తే సున్నాకు వెళ్తుంది, వందా కలిసి సున్నాకు వెళ్తాయి. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

నీ క్లాసులో ఇంకొకరు ఇంకో రకంగా చెప్పి ఉంటారు: "కొంత దూరం పోయాక పదాలన్నీ అవధి పక్కనే ఉంటాయి, పక్కనున్నవాటి సగటు కూడా పక్కనే ఉంటుంది కదా." ఇదీ సగం ప్రూఫే. కొంత దూరం పోయాక వచ్చే పదాల గురించి ఇది నిజం. మొదట్లో వచ్చిన పదాల గురించి ఒక్క మాటా చెప్పదు. నువ్వు అడిగిన "అవి ఎక్కడికి పోతాయి" అన్న ప్రశ్నను దాటేస్తుంది.

చూశావా, రెండు వాదనలున్నాయి. నీ వాదన ముందున్న పదాలకు పనికొస్తుంది, వెనకవాటికి పనికిరాదు. ఆ రెండోది వెనకవాటికి పనికొస్తుంది, ముందువాటికి పనికిరాదు. ప్రూఫ్‌లో m దగ్గర ముక్కలు చేసేది ఏ వాదన ఎక్కడిదాకా చెల్లుతుందో హద్దు గీయడానికే.

అంకెలతో చూస్తే ఇది కళ్లకు కడుతుంది. ఒక రైస్ మిల్లు ఊహించుకో. కొత్త ప్యాకింగ్ మెషిన్ పెట్టారు, 25 కిలోల బస్తాలు నింపుతుంది. బస్తా నిండగానే తెర మీద రెండు అంకెలు పడతాయి: ఈ బస్తా బరువు, ఇప్పటిదాకా నింపిన బస్తాలన్నిటి సగటు బరువు. మొదట్లో మెషిన్ కుదురుకోలేదు. ఒక బస్తా అర కిలో ఎక్కువ, ఇంకోటి ముప్పావు కిలో తక్కువ. మొదటి 100 బస్తాల్లో ఎక్కువ తక్కువలన్నీ, గుర్తు చూడకుండా, కలిపితే 40 కిలోల తేడా వచ్చిందనుకో. అంటే 40,000 గ్రాములు. ఆ తర్వాత మెషిన్ దారికొచ్చింది. 101వ బస్తా నుంచి ఏ బస్తా అయినా 25 కిలోలకు 10 గ్రాములకు మించి తేడా లేదు.

ఆ 40,000 గ్రాములు పాత బాకీ. అది తీరదు, మాఫీ అవదు, లెక్కలోంచి ఎప్పటికీ పోదు. నువ్వు భయపడ్డదే నిజం. కానీ అది పెరగదు కూడా. మొదటి వంద బస్తాలు అయిపోయాయి, వాటి తేడా ఎంతో ఖరారైపోయింది. పెరిగేదల్లా ఆ బాకీని పంచుకునే బస్తాల సంఖ్యే. 200 బస్తాలయ్యేసరికి ఒక్కో బస్తా వంతుకు 200 గ్రాములు. 1000 బస్తాలయ్యేసరికి 40 గ్రాములు. 4000 అయ్యేసరికి 10 గ్రాములు. పాత విలువలు ఎక్కడికీ పోలేదమ్మా, పలచబడ్డాయి.

మరి కొత్త బస్తాలు? అవి వస్తూనే ఉంటాయి, వచ్చిన ప్రతిదీ తన వంతు తేడా తెస్తూనే ఉంటుంది. ఇక్కడ "సంఖ్య కదలదు" అనే మాట చెల్లదు. కానీ ఒక్కోటి తెచ్చే తేడా 10 గ్రాములకు మించదు, కాబట్టి అవి ఎన్ని వచ్చినా వాటివల్ల సగటుకు వచ్చే తేడా 10 గ్రాములకు మించదు. 4000వ బస్తా దగ్గర లెక్క కట్టి చూడు. పాతవాటి తేడా 40,000. కొత్తవి 3900, ఒక్కోటి మహా అయితే 10, మొత్తం 39,000. రెండూ కలిపి 79,000. నాలుగు వేలతో భాగిస్తే 19.75 గ్రాములు. కాబట్టి 4000 బస్తాల తర్వాత సగటు 25 కిలోలకు 20 గ్రాముల లోపే ఉంటుంది, ఇక ఎప్పటికీ అలాగే ఉంటుంది.

ఇప్పుడు మిల్లు యజమాని, 20 గ్రాములు చాలదు, 2 గ్రాముల లోపు కావాలి అన్నాడనుకో. 4000 దాటి ఎంత దూరం పోయినా పాత విభజనతో ఇది రాదు, ఎందుకంటే 101వ బస్తా నుంచి లెక్కేస్తే మన చేతిలో ఉన్న హామీ 10 గ్రాములే. హద్దును ముందుకు జరపాలి. మెషిన్ ఇంకా కుదురుకుంటూ పోయి, 1000వ బస్తా దాటాక ఒక్కోటీ 1 గ్రాము లోపు తేడాతో వస్తోందనుకో. హద్దు 1000 దగ్గర పెట్టు. పాత బాకీ పెరిగింది: మొదటి వందకు 40,000, మిగతా 900 కి మహా అయితే 9,000, మొత్తం 49,000 గ్రాములు. పెరిగింది గానీ మళ్లీ ఖరారైంది. 49,000 బస్తాలు అయ్యేసరికి దాని వంతు 1 గ్రాముకు దిగుతుంది. కొత్తవాటి వల్ల 1 గ్రాముకు మించదు. మొత్తం 2 గ్రాముల లోపు.

ఎంత చిన్న తేడా అడిగినా ఇదే ఆట. అడిగినదాన్ని రెండు సగాలు చెయ్యి. కొత్త పదాలన్నీ ఒక సగం లోపు ఉండేలా హద్దు వెతుకు. ఆ హద్దుకు ముందున్న బాకీ ఎంతో కూడు. ఆ బాకీ రెండో సగం లోపుకు పలచబడేదాకా ఆగు. నిజం మెషిన్ ఏదీ ఎంత చిన్న తేడా అడిగినా ఇవ్వలేదు, ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. అభిసరించే అనుక్రమం మాత్రం ఇస్తుంది. అభిసరించడం అంటేనే అది.

ఇక దీన్నే పరీక్షలో రాసే భాషలో పెడదాం. అనుక్రమం sₙ, అవధి L. తేడాని aₙ = sₙ − L అందాం. aₙ సున్నాకు వెళ్తుంది. సగటులోంచి L తీసేస్తే మిగిలేది తేడాల సగటే, కాబట్టి (a₁ + a₂ + ... + aₙ)/n సున్నాకు వెళ్తుందని చూపిస్తే చాలు.

ε > 0 ఇచ్చారు. aₙ → 0 కాబట్టి, n > m అయినప్పుడల్లా |aₙ| < ε/2 అయ్యేలా ఒక m దొరుకుతుంది. ఈ m ని ఖాయం చేసెయ్. ఇప్పుడు

C = |a₁| + |a₂| + ... + |aₘ|

ఇది ఒక మామూలు సంఖ్య, ఇందులో n లేదు. ఇప్పుడు N ని m కంటే పెద్దదిగా, 2C/ε కంటే కూడా పెద్దదిగా తీసుకో. n > N అయితే

|(a₁ + ... + aₙ)/n| ≤ C/n + ((n − m)/n)·(ε/2) < ε/2 + ε/2 = ε

అంతే, ప్రూఫ్ అయిపోయింది. C పాత బాకీ. C/n ఒక్కొక్కరి వంతు. (n − m) కొత్త బస్తాల సంఖ్య, అది n కంటే తక్కువ కాబట్టి రెండో ముక్క ε/2 దాటదు. బట్టీ పట్టిన ప్రతి గుర్తుకూ ఇప్పుడు మిల్లులో ఒక చోటుంది.

ఇందులో ఎక్కువమంది జారిపోయేది వరుస దగ్గర. ముందు ε, దాన్ని బట్టి m, ఆ m ని బట్టి C, ఆ C ని బట్టి N. ఈ వరుస తలకిందులైతే ప్రూఫ్ కూలిపోతుంది. "n ని చాలా పెద్దదిగా తీసుకుందాం, తర్వాత m ఎంచుకుందాం" అని రాస్తే, m అనేది n మీద ఆధారపడొచ్చని ఒప్పుకున్నట్టే. అప్పుడు C కూడా n తో పాటు పెరగొచ్చు, C/n సున్నాకు వెళ్తుందని చెప్పే హక్కు పోతుంది. దిద్దేవాళ్లు ముందు చూసేది "C కి n తో సంబంధం లేదు" అన్న వాక్యం ఉందా లేదా అని. నేనైతే అది కనబడగానే, ఈ పాపకు అర్థమైంది అనుకుంటాను. ఆ వాక్యం విడిగా ఒక లైన్లో రాయి.

m ని ఖాయం చేయకుండా n తో పాటు జరిపితే ఎప్పుడూ కుదరదా అని నీకు సందేహం రావచ్చు. జాగ్రత్తగా జరిపితే కుదురుతుంది, అదీ చూపిస్తాను. నాకు ఈ రెండో దారి మొదటిదానికంటే ఇష్టం.

అభిసరించే అనుక్రమం పరిబద్ధం అని నీకు తెలుసు. కాబట్టి తేడాలన్నీ ఏదో ఒక K లోపే ఉంటాయి. మిల్లులో ఏ బస్తా తేడా అయినా 2 కిలోలకు మించదనుకో, K = 2000 గ్రాములు. ఇప్పుడు n బస్తాలను √n దగ్గర విడగొట్టు. n = 10,000 అయితే మొదటి 100 ఒక పక్క, మిగతా 9,900 ఒక పక్క. ముందు ముక్క తెచ్చే తేడా, అన్నీ చెత్త బస్తాలే అయినా, 2000 × 100 / 10,000 = 20 గ్రాములు దాటదు. n పది లక్షలైతే హద్దు 1000 దగ్గరికి జరుగుతుంది, ముందు ముక్క బస్తాల సంఖ్య పదింతలైంది, అయినా తేడా 2000 × 1000 / 10,00,000 = 2 గ్రాములకు దిగింది. మామూలుగా రాస్తే అది K/√n, సున్నాకు వెళ్తుంది. వెనక ముక్కలో ఉన్నవన్నీ √n దాటిన పదాలు, n పెరిగేకొద్దీ √n కూడా పెరుగుతుంది, కాబట్టి వాటిలో అతి పెద్ద తేడా కూడా సున్నాకు వెళ్తుంది. రెండు ముక్కలూ ఒకేసారి తగ్గాయి, ఎప్సిలాన్‌ను సగం చేయాల్సిన పని రాలేదు.

ఇదే హద్దును సగం దగ్గర, అంటే n/2 దగ్గర పెట్టి చూడు. ముందు ముక్కకు మనం ఇవ్వగలిగే హామీ K/2, అంటే 1000 గ్రాములు. n ఎంత పెరిగినా అది 1000 గ్రాములే. సిద్ధాంతం నిజమే అయినా ఆ హద్దుతో ప్రూఫ్ రాదు. హద్దు జరగొచ్చు, కానీ n తో పోలిస్తే అది నానాటికీ వెనకబడాలి. మొత్తంలో ముందు ముక్క వాటా సున్నాకు వెళ్లాలి, హద్దు మాత్రం అనంతానికి వెళ్లాలి. √n ఈ రెండూ చేస్తుంది.

ఇంకో విషయం. సగటు అదే అవధికి వెళ్తుందని సిద్ధాంతం చెబుతుంది గానీ, అంతే వేగంగా వెళ్తుందని చెప్పదు. మామూలుగా చాలా వెనకబడుతుంది. sₙ = 5 + 100/n తీసుకుని కాలిక్యులేటర్ మీద చూడు. పదో పదం 15, అప్పటి సగటు 34.29. వందో పదం 6, అప్పటి సగటు 10.19. వెయ్యో పదం 5.1, సగటు 5.75. పదివేలో పదం 5.01, సగటు 5.098. 5 నుంచి పదం తేడా పదిలో ఒకటో వంతుకు దిగిన చోట, సగటు కుంటుకుంటూ వెనక వస్తోంది. అసలు అనుక్రమం ఎంత వేగంగా వెళ్లినా ఇది తప్పదు. 1/2, 1/4, 1/8 అని సగం సగం అయ్యే అనుక్రమంలో ఇరవయ్యో పదం పది లక్షల్లో ఒకటో వంతు కంటే తక్కువ. అప్పటి సగటు మాత్రం ఇంకా 0.05. అక్కడ మొత్తం దాదాపు ఒకటి, ఆ బాకీని ఇరవై మందే పంచుకున్నారు. బాకీ మొత్తం సున్నా కాకపోతే సగటు 1/n వేగం కంటే ముందుకు పోలేదు. అందుకే అవధి ఎంతో లెక్కగట్టడానికి సగటును చూడడం మంచి పద్ధతి కాదు. అనుక్రమం అభిసరిస్తోందని తెలిసినప్పుడు అనుక్రమాన్నే చూడాలి.

పాత బాకీ పలచబడడమే ఇక్కడ ప్రాణం అన్నాను కదా, అది పలచబడకపోతే ఏమవుతుందో కూడా చూద్దాం. అప్పుడు గానీ నీ మొదటి ప్రశ్నకు పూర్తి జవాబు రాదు. మొదటి బస్తా ఒక్కటే 1 కిలో ఎక్కువ వచ్చింది, మిగతావన్నీ సరిగ్గా 25 కిలోలు అనుకో. మామూలు సగటులో తేడా 1000/n గ్రాములు, హాయిగా సున్నాకు వెళ్తుంది. ఇప్పుడు సగటు కట్టేటప్పుడు బస్తాలన్నిటికీ సమానంగా కాకుండా, మొదటిదానికి 1, రెండోదానికి 1/4, మూడోదానికి 1/9, ఇలా 1/k² చొప్పున వెయిటేజ్ ఇచ్చారనుకో. ఈ వెయిటేజ్‌లన్నీ కలిపితే ఎంత దూరం పోయినా 1.645 దాటదు, π²/6 అన్నమాట. మొదటి బస్తా వాటా 1/1.645, అంటే దాదాపు 0.608. కాబట్టి తేడా 608 గ్రాముల దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. కోటి బస్తాలు నింపినా అంతకంటే తగ్గదు. నువ్వు భయపడ్డట్టు మొదటి విలువ ఎప్పటికీ అంటిపెట్టుకునే ఉంది. అనుక్రమం 25 కి వెళ్లింది, ఈ వెయిటేజ్ సగటు 25.608 కి వెళ్లింది.

వెయిటేజ్‌ను 1/k చేస్తే? 1 + 1/2 + 1/3 + ... అనంతానికి వెళ్తుంది కాబట్టి మొదటి బస్తా వాటా సున్నాకు వెళ్తుంది, సిద్ధాంతం మళ్లీ నిజమవుతుంది. కానీ ఆ మొత్తం చాలా మెల్లగా పెరుగుతుంది. పదివేల బస్తాల తర్వాత కూడా తేడా ఇంకా 102 గ్రాములు. పది లక్షల తర్వాత దాదాపు 69. మామూలు సగటైతే పదివేల దగ్గరే 0.1 గ్రాముకు దిగిపోయేది. వెయిటేజ్‌లు ధన సంఖ్యలైతే, వాటి మొత్తం అనంతానికి వెళ్తే చాలు, పైన రాసిన ప్రూఫే పనిచేస్తుంది. ప్రతి తేడానీ దాని వెయిటేజ్‌తో గుణించు, n తో భాగించినచోట మొదటి n వెయిటేజ్‌ల మొత్తం పెట్టు, నువ్వే రాసి చూసుకో.

తిరగేస్తే మాత్రం సిద్ధాంతం నిలవదు. సగటు అభిసరించినంత మాత్రాన అనుక్రమం అభిసరించాలని లేదు. 1, 0, 1, 0, ... తీసుకో, సగటు 1/2 కి వెళ్తుంది, అనుక్రమం ఎక్కడికీ వెళ్లదు. ఇంకా బాగా అర్థమయ్యేది ఒకటుంది: 1, 4, 9, 16 లాంటి వర్గ సంఖ్యల స్థానాల్లో 1, మిగతా అన్నిచోట్లా 0. పదివేల పదాల్లో ఒకట్లు వందే, సగటు 0.01. సగటు సున్నాకు వెళ్తుంది. కానీ ఒకట్లు ఎప్పటికీ వస్తూనే ఉంటాయి కాబట్టి అనుక్రమం అభిసరించదు. సగటుకు కావలసింది చెడ్డ పదాల వాటా తగ్గడమే. అభిసరణకు చెడ్డ పదాలు ఒకచోట అయిపోవాలి, అది ఇంకా గట్టి షరతు.

ఈ లోటునే లాభంగా వాడుకున్నాడు ఇటలీ గణితవేత్త చెజారో. 1 − 1 + 1 − 1 + ... అనే శ్రేణిలో పాక్షిక మొత్తాలు 1, 0, 1, 0 అని ఊగుతుంటాయి, మామూలు అర్థంలో దానికి మొత్తం లేదు. వాటి సగటు 1/2 కి వెళ్తుంది కాబట్టి, ఆ అర్థంలో మొత్తం 1/2 అనుకోవచ్చు. 1890లో ఆయన ఇలాంటి మొత్తాల మీద రాశాక, ఈ సగటులకు ఆయన పేరే స్థిరపడింది. పది సంవత్సరాలకు, 1900లో, హంగరీకి చెందిన ఫెయేర్ ఫూరియర్ శ్రేణుల దగ్గర ఇదే పని చేశాడు. అవిచ్ఛిన్న ఆవర్తన ప్రమేయానికి ఫూరియర్ శ్రేణి కొన్ని బిందువుల దగ్గర అభిసరించకపోవచ్చు, కానీ దాని పాక్షిక మొత్తాల సగటులు మాత్రం ప్రతిచోటా ప్రమేయం విలువకే వెళ్తాయని చూపించాడు. ఇదంతా అర్థవంతం కావాలంటే ముందు ఒక హామీ ఉండాలి: మామూలుగా అభిసరించేచోట సగటు వేరే జవాబు ఇవ్వకూడదు. నువ్వు బట్టీ పట్టిన సిద్ధాంతం ఇచ్చేది ఆ హామీయే.

పరీక్ష సంగతి. ఈ సిద్ధాంతం మీద లెక్కలు తరచూ రెండు రకాలుగా వస్తాయి. ఒకటి, 1/n ముందు పెట్టి ఒక పొడుగాటి మొత్తం ఇస్తారు, ఉదాహరణకు (1 + 2^(1/2) + 3^(1/3) + ... + n^(1/n))/n. దీన్ని చూసి కంగారుపడకు. ఇది sₙ = n^(1/n) సగటు మాత్రమే. n^(1/n) → 1 అని నీకు తెలుసు, కాబట్టి జవాబు 1. సగటు కట్టిన అనుక్రమం ఏదో గుర్తుపడితే లెక్క అయిపోయినట్టే.

రెండో రకంలో సగటు దాక్కుని ఉంటుంది. n/(n!)^(1/n) అవధి అడుగుతారు. aₙ = nⁿ/n! అనుకో, అడిగింది aₙ కి n వ మూలం. పక్క పక్క పదాల నిష్పత్తి aₙ₊₁/aₙ లెక్కకడితే (1 + 1/n)ⁿ వస్తుంది, అది e కి వెళ్తుంది. ఇప్పుడు లాగరిథమ్ తీసుకో. a₁ = 1 కాబట్టి log a₁ = 0, ఆపైన

log aₙ = log(a₂/a₁) + log(a₃/a₂) + ... + log(aₙ/aₙ₋₁)

మొదటి పదంగా ఆ సున్నానూ కలుపుకుంటే మొత్తం n పదాలు. n తో భాగిస్తే ఎడమ పక్క అడిగిన మూలం లాగరిథమ్, కుడి పక్క నిష్పత్తుల లాగరిథమ్‌ల సగటు. ఆ లాగరిథమ్‌లు log e కి, అంటే 1 కి వెళ్తున్నాయి, కాబట్టి వాటి సగటు కూడా 1 కే వెళ్తుంది. అడిగిన అవధి e. మీ పుస్తకంలో కోషీ రెండో సిద్ధాంతం అని ఉండేది ఇదే, దాన్ని విడిగా బట్టీ పట్టాల్సిన పని లేదు.

కాలిక్యులేటర్ మీద సరిచూస్తే n = 10 కి 2.208 వస్తుంది, n = 100 కి 2.632. e విలువ 2.718. వంద దగ్గర కూడా ఇంకా ఇంత దూరం ఎందుకుందో ఇప్పుడు నిన్నెవరైనా అడిగితే, ఆ సగటులో మొదటి పదం సున్నా అనీ, రెండోది log 2 అనీ, ఆ బాకీని వంద మందే పంచుకున్నారనీ చెప్పు.